25 మి.లీ. పిపెట్ తూకంలో 24.86 గ్రాములే వస్తున్నది, షాపుకు తిప్పి పంపాలా?

నల్లగొండ_ల్యాబ్ · మే 14, మధ్యాహ్నం 2:10

అందరికి నమస్తే. నేను నల్లగొండల ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. ఫైనలియర్ పిల్లలకు నీళ్ల కఠినత్వం ప్రాక్టికల్ పెట్టినం. ఒకే బోరు నీళ్లు, ఒకే ఈడీటీఏ. అయినా రెండు బ్యూరెట్ల మీద చేస్తే 0.4 మి.లీ. తేడా వచ్చింది. పిల్లలు నన్ను చూస్తున్నరు, నేను బ్యూరెట్లను చూస్తున్న.

సరే, ముందు కొత్తగా కొన్న 25 మి.లీ. పిపెట్ సంగతి తేల్చుకుందామని డిస్టిల్డ్ వాటర్ పట్టి తూకం వేసిన. ల్యాబ్‌ల మూడు దశాంశాల త్రాసు ఉన్నది. ఐదుసార్లు వచ్చినవి ఇవి: 24.861, 24.858, 24.866, 24.859, 24.862. సగటు 24.861 గ్రాములు.

పిపెట్ మీద 'ఏ' క్లాస్ అని రాసి ఉన్నది, ±0.03 అని కూడా ఉన్నది. నాకు 0.14 తక్కువ వస్తున్నది. షాపాయనకు ఫోన్ చేస్తే "మా మాల్‌ల తప్పుండదు మేడమ్, మీ త్రాసే చూసుకోండి" అన్నడు. త్రాసు 100 గ్రాముల బాటుతో చూసిన, సరిగ్గనే ఉన్నది. వాపస్ పంపాలా?

బీకర్_భాయ్ · మధ్యాహ్నం 2:31

వాపస్ పంపకండి అక్కా. ఒక మి.లీ. నీళ్లు ఒక గ్రాము అనేది 4 డిగ్రీల దగ్గరి మాట. మన దగ్గర మే నెల. నీళ్లు వ్యాకోచిస్తయి, అంటే అదే 25 మి.లీ. తక్కువ తూగుతది. బరువును ఆ టెంపరేచర్ దగ్గరి సాంద్రతతో భాగిస్తే అయిపోయె. మీ ల్యాబ్‌ల టెంపరేచర్ ఎంత?

నల్లగొండ_ల్యాబ్ · మధ్యాహ్నం 2:40

గోడకున్న థర్మామీటర్ 38 చూపిస్తున్నది. కూలర్ ఉన్నది గానీ తూకం వేసేటప్పుడు బంద్ పెట్టిన. లేకపోతే త్రాసు అంకెలు ఒక్క దగ్గర నిలవవు.

బీకర్_భాయ్ · మధ్యాహ్నం 2:52

38 దగ్గర సాంద్రత 0.99297. 24.861 ని దాంతో భాగిస్తే 25.037. అంటే తక్కువ కాదు, 0.037 ఎక్కువ ఇస్తున్నది! ఏ క్లాస్‌కు ±0.03 కాబట్టి కొద్దిగ దాటింది. బీ క్లాస్‌కు ±0.06, దాంట్ల సరిపోతది. ఏ క్లాస్ అని బీ క్లాస్ అంటగట్టిండు. ఇప్పుడు వాపస్ పంపండి 😄

నల్లగొండ_ల్యాబ్ · మధ్యాహ్నం 2:58

అరగంటల తక్కువ నుంచి ఎక్కువకు వచ్చింది. షాపాయనకు ఇప్పుడు ఏమని ఫోన్ చేయాలె?

పాలకేంద్రం_దేవరకొండ · మధ్యాహ్నం 3:20

మాకు గూడ ఇదే బాధ. గెర్బర్ టెస్టుకు పాల పిపెట్ 10.75 మి.లీ. ఉంటది. పాలు పోసి తూకం వేస్తే ఒకసారి 11 గ్రాములు, ఒకసారి ఇంకొంచెం తక్కువ. రైతులు ఫ్యాట్ తక్కువ చూపిస్తున్నరని లొల్లి పెడుతున్నరు. లాక్టోమీటర్‌కు టెంపరేచర్ కరెక్షన్ ఉన్నట్టు దీనికి గూడ ఉన్నదా?

పాత_త్రాసు · సాయంత్రం 5:45

నేను మహబూబ్‌నగర్ వాణ్ని, రిటైరైన. ఉద్యోగమంతా గాజు సామాను తూకాల తోటే గడిచింది. ఎవ్వరికీ ఫోన్ చేయకండి మేడమ్. ముందు ఒక్క మాట చెప్పండి: నీళ్ల టెంపరేచర్ ఎంత? గది సంగతి కాదు. పిపెట్‌తో ఏ బీకర్‌ల నుంచి నీళ్లు తీసిన్రో దాంట్ల థర్మామీటర్ ముంచి చూసిన్రా?

పాల తమ్మీ, నీ సంగతికి తర్వాత వస్త. పాలు తూకం వేయకు, అంతవరకు గుర్తుంచుకో.

నల్లగొండ_ల్యాబ్ · సాయంత్రం 6:05

ముంచలే సార్. నీళ్లు పొద్దుటి నుంచి అదే గదిల ఉన్నయి గదా, గది ఎంతో నీళ్లు గూడ అంతే ఉంటయి అనుకున్న. రేపు చూసి చెప్త.

నల్లగొండ_ల్యాబ్ · మే 15, మధ్యాహ్నం 1:50

సార్, ఆశ్చర్యం. గది ఇయ్యాల గూడ 38, బీకర్‌ల నీళ్లు 32! థర్మామీటర్లు మార్చి మార్చి చూసిన, అంతే. మళ్ల ఐదుసార్లు తూకం వేస్తే సగటు నిన్నటి మాదిరే, చివరి అంకెనే మారింది.

పాత_త్రాసు · మధ్యాహ్నం 2:30

ఆశ్చర్యం ఏం లేదు. కుండల నీళ్లు ఎందుకు సల్లగుంటయో మూత లేని బీకర్‌ల నీళ్లు గూడ అందుకే సల్లగుంటయి. మన ఎండాకాలం గాలి పొడిగాలి, మీద నుంచి నీళ్లు ఆరుతున్నంతసేపు కింద సల్లబడుతనే ఉంటది. కోస్తాల ఉక్కపోతకు ఇంత తేడా రాదు. మన పాలమూరు, నల్లగొండ దిక్కు మే నెలల ఐదారు డిగ్రీలు మామూలే.

ఇప్పుడు లెక్క చూడండి. 32 దగ్గర నీళ్ల సాంద్రత 0.99503. బీకర్ భాయ్ చెప్పినట్టు భాగిస్తే 24.985. అంటే నిన్న 0.037 ఎక్కువ ఉన్నది ఇయ్యాల 0.015 తక్కువకు వచ్చింది. పిపెట్ మారలే, థర్మామీటర్‌ను గోడ మీద నుంచి నీళ్లల్లకు మార్చినం, అంతే. ఈ వేడిల ఒక్క డిగ్రీ తప్పు చదివితే 25 మి.లీ. మీద 0.008 పోతది. నాలుగు డిగ్రీలు తప్పితే ఏ క్లాస్ హద్దు మొత్తం దాటినట్టే.

కాని లెక్క ఇంకా పూర్తి కాలే. బీకర్ భాయ్ చెప్పింది సగం.

బీకర్_భాయ్ · మధ్యాహ్నం 2:41

సగమేంది సార్? బరువు బై సాంద్రత ఈక్వల్ టు వాల్యూమ్. ఇది ఇంటర్‌లనే చెప్తరు.

పాత_త్రాసు · మధ్యాహ్నం 3:15

ఇంటర్‌ల చెప్పేది శూన్యంల తూకం గురించి. మన త్రాసు గాలిల ఉన్నది.

బావిల బిందె నీళ్లల్ల ఉన్నంతసేపు తేలిగ్గుంటది, నీళ్ల మీదికి రాంగనే బరువెక్కుతది. గాలి గూడ అట్లనే పైకి నెడుతది, కాకపోతే మస్తు కొద్దిగ. మన దగ్గర ఎండాకాలం గాలి ఒక మి.లీ.కి సుమారు 1.1 మిల్లీగ్రాములు. 25 మి.లీ. నీళ్లు అంత చోటుల గాలిని పక్కకు జరుపుతయి, అంటే 27 మిల్లీగ్రాముల పైన బరువు తక్కువ కనిపిస్తది.

బీకర్_భాయ్ · మధ్యాహ్నం 3:22

అయితే అవతలి పళ్లెంల బాట్లను గూడ గాలి నెడుతది గదా, రెండూ కొట్టుకుపోతయి. పైగా ఇది ఎలక్ట్రానిక్ త్రాసు, దాంట్ల బాట్లే లెవ్వు.

పాత_త్రాసు · మధ్యాహ్నం 3:50

మంచి ప్రశ్న, కాని రెండు దిక్కులా తప్పినవ్ తమ్మీ.

బాట్లు లెవ్వంటున్నవ్. మేడమ్ మొన్న 100 గ్రాముల బాటు పెట్టి త్రాసు చూసిన అన్నరు గదా. ఎలక్ట్రానిక్ త్రాసుకు గ్రాము అంటే ఎంతో నేర్పింది ఆ ఉక్కు బాటే. అది గాలిలనే నేర్పింది. బాటు ఎదురుగ లేకున్నా దాని లెక్క లోపల ఉన్నది.

కొట్టుకుపోతయి అంటున్నవ్. పూర్తిగ కొట్టుకుపోవు. ఉక్కు నీళ్ల కంటే ఎనిమిది రెట్లు చిక్కన. 25 గ్రాముల ఉక్కు మూడు మి.లీ. పైచిలుకు చోటే తీసుకుంటది, దాన్ని గాలి 3.4 మిల్లీగ్రాములే ఎత్తుతది. 27.5 ల నుంచి 3.4 తీసేస్తే 24 మిల్లీగ్రాములు మిగిలింది. అంటే 0.024 మి.లీ. నీ హద్దే 0.03 గదా. గాలిని మరిచిపోతే హద్దుల ఐదు వంతులకు నాలుగు వంతులు అక్కడనే పాయె.

అది కలిపితే 24.985 కాస్త 25.009 అయితది.

ఆఖరిది గాజు. పిపెట్ మీద 20 డిగ్రీలు అని రాసి ఉంటది, అంటే 20 దగ్గర 25 మి.లీ. అని మాట. 32 దగ్గర గాజు గూడ కొద్దిగ సాగింది, అందుకని 20 దగ్గరి లెక్క కోసం తీసేయాలె, కలపొద్దు. చాలామంది ఇక్కడ గుర్తు తప్పుతరు. బోరోసిలికేట్ అయితే డిగ్రీకి లక్షల ఒక వంతు. 12 డిగ్రీలకు, 25 మి.లీ. మీద 0.003. మామూలు సోడా గాజు అయితే దానికి రెండున్నర రెట్ల పైన.

అంతా కలిపితే మేడమ్ పిపెట్ 25.007 మి.లీ. ఇస్తున్నది. హద్దుల నాలుగో వంతు గూడ లేదు. షాపాయన మాట నిజమే.

నల్లగొండ_ల్యాబ్ · సాయంత్రం 4:05

0.14 తక్కువ, 0.037 ఎక్కువ, 0.015 తక్కువ, ఆఖరికి 0.007 ఎక్కువ. ఒకే పిపెట్, ఒకే నీళ్లు. నేను నోట్‌బుక్‌ల ఇవి నాలుగూ వరుసగ రాసుకున్న సార్, పిల్లలకు ఇదే చూపిస్త.

కొత్త_ఎమ్మెస్సీ · సాయంత్రం 4:30

సార్, ఇవన్నీ ప్రతిసారి విడివిడిగ చేయాల్నా? ఒక్క అంకె ఏమన్నా ఉంటదా, బరువును దాంతో గుణిస్తే సరిపోయేటట్టు?

పాత_త్రాసు · సాయంత్రం 5:10

ఉంటది. మేం గోడకు అతికించుకునేటోళ్లం. బోరోసిలికేట్ గాజుకు, మన దిక్కు గాలికి: నీళ్లు 28 ఉంటే 1.0047, 30 ఉంటే 1.0052, 32 ఉంటే 1.0058, 34 ఉంటే 1.0065. బరువును దీంతో గుణిస్తే 20 డిగ్రీల దగ్గరి మి.లీ. వస్తది. అమ్మకానికి దొరికే పట్టికలల్ల సముద్రమట్టం గాలి లెక్క ఉంటది కాబట్టి ఆఖరి అంకె ఒకటి అటుఇటు అయితది. పాలమూరు ఐదు వందల మీటర్ల దగ్గర ఉన్నది, గాలి పల్చన. 25 మి.లీ. మీద దాని తేడా 0.002, 0.003 కంటే ఎక్కువ రాదు. దాని గురించి నిద్ర చెడగొట్టుకోకండి.

కొత్త_ఎమ్మెస్సీ · సాయంత్రం 6:20

నేను షీట్ చేసిన, కావాల్నంటే వాడుకోండి. ఏ2 ల నీళ్ల టెంపరేచర్, బీ2 ల బరువు. మొదటి వరుస సాంద్రత, అది సీ2 ల పెట్టండి. రెండోది డీ2 ల, మి.లీ. వస్తది.

```
=0.99997495*(1-(A2-3.983035)^2*(A2+301.797)/(522528.9*(A2+69.34881)))
=B2/(C2-0.0011)*(1-0.0011/8)*(1-0.00001*(A2-20))
```

32, 24.861 వేస్తే 25.006 అని చూపించింది. సార్ 25.007 అన్నరు. నాది ఎక్కడన్నా తప్పా?

పాత_త్రాసు · సాయంత్రం 6:48

తప్పు లేదు. మేడమ్ సగటును పూర్తిగ తీసుకుంటే 24.8612, నేను దాన్ని వేసిన. వెయ్యోవంతు దగ్గర కొట్లాట వద్దు, చేతి తేడానే అంతకంటే ఎక్కువ ఉంటది.

సున్నపురాయి · రాత్రి 9:15

నేను హుజూర్‌నగర్ దిక్కు ఒక సిమెంట్ ఫ్యాక్టరీల క్యూసీ. సార్ చెప్పింది ఒప్పుకుంట గానీ ఇంత లెక్క ఎందుకని అడుగుత. మా దగ్గర ఈడీటీఏ, పిపెట్, బ్యూరెట్ అన్నీ ఒకే గదిల, ఒకే వేడిల. అన్నీ ఒకే తీరుగ సాగినయి అనుకుంటే నిష్పత్తి మారదు. టైట్రేషన్ చేసేటోనికి టెంపరేచర్ పట్టింపే లేదు.

పాత_త్రాసు · రాత్రి 9:50

అదే రోజు తయారు చేసి అదే రోజు వాడితే మీ మాట నిజం. కాలిబ్రేషన్‌కు మాత్రం వర్తించదు. అక్కడ ఒక దిక్కు గాజు, ఇంకో దిక్కు గ్రాము. గ్రాము వేడికి సాగదు.

ఇంకొకటి. జనవరిల 22 డిగ్రీల దగ్గర చేసి సీసాల పెట్టిన ఈడీటీఏను మేల 34 దగ్గర వాడితే, అదే ఒక మి.లీ.ల మందు వెయ్యికి మూడు వంతులకు పైన తగ్గుతది. 25 మి.లీ. రీడింగ్ మీద 0.08 దాకా. మీ సీసా మీద ఏ తారీఖు ఉన్నదో చూడండి.

సున్నపురాయి · రాత్రి 10:02

ఫిబ్రవరి 😐 రేపు మళ్ల స్టాండర్డైజ్ చేపిస్త.

పాలకేంద్రం_దేవరకొండ · మే 16, ఉదయం 7:40

సార్, నా సంగతి.

పాత_త్రాసు · ఉదయం 8:15

ఆ, మరిచిన తమ్మీ. పిపెట్ సరిగ్గున్నదా లేదా చూడాల్నంటే నీళ్లే పోసి తూకం వేయాలె. పాల సాంద్రత ఆవుకు, బర్రెకు, పూటపూటకు మారుతది. దాంతో పిపెట్‌ను కొలిస్తే పిపెట్ తెలవది, పాలు తెలవవు. పైగా పాలు చిక్కగుంటయి, గోడకు ఎక్కువ అంటుకుంటయి, నీళ్ల కంటే కొద్దిగ తక్కువ దిగుతయి. పిపెట్‌ను సబ్బు నీళ్లతోటి మంచిగ కడుగు. నీళ్లు పోస్తే గోడకు చుక్కలు నిలవొద్దు, సన్నని పొర లెక్క జారాలె. చుక్కలు నిలిచినయంటే కొవ్వు అంటింది, ఆ పిపెట్‌తో తూకం వేసుడు దండగ.

రైతుల లొల్లి మాత్రం పిపెట్ ఒక్కదాంతో తేలేది కాదు. సెంట్రిఫ్యూజ్, యాసిడ్, అమైల్ ఆల్కహాల్ అన్నీ ఉన్నయి. దానికి వేరే పోస్ట్ పెట్టు.

బీకర్_భాయ్ · ఉదయం 9:05

నీళ్లంటే గుర్తొచ్చింది. డిస్టిల్డ్ వాటర్ లేకపోతే బోరు నీళ్లతో చేయొచ్చు గదా? నీళ్లు నీళ్లే.

నల్లగొండ_ల్యాబ్ · ఉదయం 9:30

తమ్మీ, నువ్వు నల్లగొండ నీళ్లు తాగినవా ఎప్పుడన్నా?

పాత_త్రాసు · ఉదయం 10:10

😄 మేడమ్ చెప్పింది సరిపోయింది గానీ అంకె గూడ చెప్త. టీడీఎస్ 1000 ఉన్న బోరు నీళ్లు లీటరుకు ముప్పావు గ్రాము దాకా ఎక్కువ తూగుతయి. 25 మి.లీ. మీద 0.02 దగ్గర. గాలి కరెక్షన్ ఎంత ఉన్నదో దాదాపు అంత. ఇక్కడ వింత ఏందంటే, బోరు నీళ్లు వాడి గాలిని మరిచిపోయినోనికి రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసి సరైన జవాబు వస్తది. అట్ల మురిసినోళ్లను చూసిన.

ఆర్వో క్యాన్ నీళ్లు టీడీఎస్ యాభై, అరవై ఉంటే పర్వాలేదు. కాని ఫిల్టర్ నీళ్లని చెప్పి ఏం పోస్తున్నరో, మీటర్ పెట్టి చూసుకున్నాకనే వాడండి. డిస్టిల్డ్ అయినా అప్పుడే కారిన వేడి నీళ్లు వద్దు, రాత్రంతా గదిల ఉండనీయండి.

నల్లగొండ_ల్యాబ్ · మే 17, మధ్యాహ్నం 3:00

ఇయ్యాల బ్యూరెట్ పట్టిన. 50 మి.లీ., ఏ క్లాస్, హద్దు ±0.05. నీళ్లు 32.0. మూత ఉన్న 100 మి.లీ. ఫ్లాస్క్‌ల పట్టిన. (మూత లేకుండ ఊరికే చూద్దామని ఫ్యాన్ కింద ఐదు నిమిషాలు పెడితే త్రాసు అంకె దిగుకుంట పోయింది. ఇకమీదట మూత తీయ.)

ప్రతిసారి సున్నా దాకా నింపి, అక్కడి నుంచి కావాల్సిన గీత దాకా వదిలిన:

10.00 దాకా: 9.951 గ్రా.
20.00 దాకా: 19.912 గ్రా.
30.00 దాకా: 29.887 గ్రా.
40.00 దాకా: 39.838 గ్రా.
50.00 దాకా: 49.755 గ్రా.

1.00585 తో గుణిస్తే వరుసగ 10.009, 20.028, 30.062, 40.071, 50.046. అంటే ఆఖర్ల 0.046 ఎక్కువ, హద్దుల ఉన్నది. కాని నడుమ 30 దగ్గర 0.06, 40 దగ్గర 0.07, దాటింది. నేను తప్పు చేసిన్నా, గాజే తప్పా?

బీకర్_భాయ్ · మధ్యాహ్నం 3:18

మొత్తం 50 హద్దుల ఉన్నది గదా, పాస్. నడుమ ఎవరు చూస్తరు?

సున్నపురాయి · మధ్యాహ్నం 3:25

టైట్రేషన్ ఎప్పుడన్నా సరిగ్గ 50 దగ్గర ఆగిందా భాయ్? నడుమనే ఆగుతది.

పాత_త్రాసు · సాయంత్రం 4:40

సున్నపురాయి గారి మాటే నా మాట. హద్దు స్కేల్ మొత్తం మీద వర్తిస్తది, ఆఖరి గీతకు మాత్రమే కాదు. గాజు గొట్టం లోపల పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉంటదని ఎవరూ హామీ ఇయ్యరు. నడుమ కొద్దిగ లావుగ ఉండి కింద మళ్ల సన్నబడితే అచ్చం ఇట్లనే వస్తది: 40 దాకా పెరిగి 50 దగ్గర తగ్గుతది.

మేడమ్ చేతి తప్పేనా అంటే, తప్పులకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు ఉంటది. మొదలుపెట్టేటప్పుడు కొనకు వేలాడే చుక్కను తుడవకుండ వదిలితే అది ఫ్లాస్క్‌ల పడుతది. ఒక చుక్క దాదాపు 0.05. కాని అప్పుడు 10 దగ్గర గూడ 0.05 రావాలె. మీకు 0.009 వచ్చింది, కాబట్టి అది కాదు. టెంపరేచర్ తప్పు చదివితే తప్పు మి.లీ.ల తోటి సమంగ పెరుగుకుంట పోతది, 50 దగ్గర అన్నిటికంటే ఎక్కువ ఉండాలె. మీది 40 దగ్గర ఎక్కువ. మస్తు తొందరగ వదిలితే గోడకు నీళ్లు మిగిలిపోతయి, తక్కువ వస్తది, ఎక్కువ రాదు. స్టాప్‌కాక్ కింద గాలి బుడగ మొదట్ల ఉండి నడుమ కొట్టుకుపోతే, అప్పుడు గూడ తక్కువే.

కాబట్టి గాజు మీదనే నా అనుమానం. అయినా ఒక్కరోజు తూకంతో గాజుకు శిక్ష వేయొద్దు. రేపు పొద్దున్నే, నీళ్లు సల్లగున్నప్పుడు, 30, 40, 50 మళ్ల వేయండి. రీడింగ్ చూసేటప్పుడు కన్ను నీటిమట్టం ఎదురుగనే ఉండాలె, వెనుక నల్ల కాగితం పట్టండి.

నల్లగొండ_ల్యాబ్ · మే 18, ఉదయం 8:20

ఆరున్నరకే వచ్చిన. వాచ్‌మెన్ నాకేదో అయిందనుకున్నడు.

నీళ్లు 28.0. అంకె 1.00468 వేసిన.

30.00 దాకా: 29.912 గ్రా., అంటే 30.052
40.00 దాకా: 39.876 గ్రా., అంటే 40.063
50.00 దాకా: 49.812 గ్రా., అంటే 50.045

50 దగ్గర నిన్నటి బరువుకు ఇయ్యాలటి బరువుకు 57 మిల్లీగ్రాముల తేడా ఉన్నది, మి.లీ.లకు మార్చినంక 0.001 తేడా. ఇది చూసినంక కరెక్షన్ మీద నాకు నమ్మకం కుదిరింది సార్. 40 దగ్గర మాత్రం ఇంకా దాటుతనే ఉన్నది.

పాత_త్రాసు · ఉదయం 9:00

50 దగ్గర రెండు రోజులూ కలిసినయి, అది బాగున్నది. 30 దగ్గర నిన్న 0.06, ఇయ్యాల 0.05. 40 దగ్గర 0.07, 0.06. ఈ 0.01 కన్ను తేడా కావొచ్చు. బ్యూరెట్ గీతలు 0.1 కు ఒకటి, దాని నడుమ 0.01 అంచనా కట్టుడే. 30 దగ్గర దాటిందా లేదా నేను చెప్పలేను, ఇంకో మూడు తూకాలు కావాలె. 40 దగ్గర దాటిందనే అంట.

పారేయకండి. ఒక చీటీ రాసి స్టాండ్‌కు కట్టండి: 10 దగ్గర 0.01 కలపాలె, 20 దగ్గర 0.03, 30 దగ్గర 0.06, 40 దగ్గర 0.07. నడుమ రీడింగులకు నడుమ అంకె.

సున్నపురాయి · ఉదయం 9:20

నేనైతే బీ క్లాస్ అని రాసి పిల్లలకు ఇచ్చేస్త. చీటీ చూసి కలిపే స్టూడెంట్‌ను నేను ఇంతవరకు చూడలే. కలపాల్నా తీసేయాల్నా అని మళ్ల అదొక లొల్లి.

పాత_త్రాసు · ఉదయం 9:32

అది గూడ నిజమే. అయితే మేడమ్, అసలు సంగతి మరిచినం. మీరు మొదట 0.4 తేడా అన్నరు. టైట్రేషన్ రీడింగ్ ఎంత దగ్గర?

నల్లగొండ_ల్యాబ్ · ఉదయం 9:41

13 చిల్లర సార్. ఈ బ్యూరెట్ మీద 13.4, రెండో దాని మీద 13.8.

పాత_త్రాసు · ఉదయం 9:58

13 దగ్గర ఈ బ్యూరెట్ తప్పు 0.015 కంటే ఎక్కువ లేదు. 0.4 కు దీనికి సంబంధం లేదు. రెండో దాన్ని తూకం వేయకముందే నీళ్లు నింపి, కొన తుడిచి, స్టాప్‌కాక్ బంద్ చేసి ఇరవై నిమిషాలు ఊరికే నిలబెట్టండి. మట్టం దిగిందా, కొనకు చుక్క వచ్చిందా చూడండి.

కొత్త_ఎమ్మెస్సీ · ఉదయం 10:30

రంగు మారే పాయింట్ దగ్గర గూడ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగ ఆపుతరు గదా సార్. మా బ్యాచ్‌ల ఎరుపు పూర్తిగ పోయి నీలం వచ్చేదాకా ఆగేటోళ్లు సగం మందే.

నల్లగొండ_ల్యాబ్ · మధ్యాహ్నం 12:15

ఇరవై నిమిషాలల్ల మట్టం 0.1 దిగింది, కొనకు చుక్క వేలాడుతున్నది. పిల్లలు టైట్రేషన్‌కు ఐదు నిమిషాల కంటే ఎక్కువ తీసుకోరు. దాని లెక్కన 0.02, 0.03 పోయిందనుకున్నా 0.4 కు సరిపోదు. స్టాప్‌కాక్ తీసి కడిగి, గ్రీజ్ పెట్టి మళ్ల చూస్త. కొత్త ఎమ్మెస్సీ చెప్పిందే అసలు కారణమేమో. సోమవారం ఒకే అమ్మాయితో రెండు బ్యూరెట్ల మీద చేపిస్త.

బీకర్_భాయ్ · మధ్యాహ్నం 12:22

ఆ అమ్మాయికి చెప్పకండి అక్కా ఏ బ్యూరెట్ ఏదో.

పాలకేంద్రం_దేవరకొండ · రాత్రి 8:10

సార్, కడిగిన. చుక్కలు నిలవలేదు. నీళ్లు 31 ఉన్నయి, బరువు 10.68. త్రాసు రెండు దశాంశాలదే. గుణించే అంకె 30 కి, 32 కి నడుమ 1.0055 అనుకొని వేసిన, 10.74 వచ్చింది. మా పిపెట్ మంచిదే. ఇగ రైతులకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు.